ఉపాధి కూలి లెక్కను గుంత దగ్గరే చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారం.

2025-26 సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రూ.307 అని ప్రకటించినప్పుడు, పనికి వెళ్లిన ప్రతి ఒక్కరికీ రోజుకు అంత చేతికి వస్తుందని పట్టణాల్లోని పాఠకులు అనుకుని ఉంటారు. మట్టి పనుల్లో అది హాజరు వేయించుకుంటే వచ్చే రోజు కూలి కాదు. జట్టు వారంలో తవ్విన మట్టిని కొలిచి, ధరల పట్టికలో ఆ నేలకున్న ధరతో గుణించి, వచ్చిన మొత్తాన్ని మస్టరు అనే హాజరు పట్టీలోని పని దినాలతో భాగిస్తే తేలేదే కూలి. ఒక గంట విశ్రాంతి కలుపుకొని ఎనిమిది గంటలు పనిచేసిన మనిషికి ప్రకటించిన కూలి వచ్చేలా ఆ పట్టిక ఉండాలని చట్టానికి జోడించిన షెడ్యూలు చెబుతోంది. అనంతపురం జిల్లాలో కొన్నేళ్లు కూలీల జట్టును నడిపే మేటీగా పనిచేసిన నేను, ఆ మాటకూ చేతికందే డబ్బుకూ మధ్య తేడా ఎక్కడ పడుతుందో ఒక గుంత లెక్కతో చెప్పదలిచాను.

ఒక రైతు చేలో నీటికుంట తవ్వుతున్నారనుకుందాం. పది మంది జట్టు ఆరు రోజుల్లో 10 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, 80 సెంటీమీటర్ల లోతు తవ్వితే 72 ఘనపు మీటర్లు అవుతుంది. మధ్యలో కొందరు రాకపోవడంతో మస్టరులో పడినవి 54 పని దినాలు. లెక్క సులువుగా ఉండేందుకు మెత్తటి నేలకు ఘనపు మీటరుకు రూ.150, గరుసు నేలకు రూ.200 ధర అనుకుందాం. అసలు ధరలు పట్టికను బట్టి మారుతాయి. మా ప్రాంతంలో సాధారణంగా పైన అడుగు లోతు పార దిగేంత మెత్తగా ఉంటుంది, ఆ కింద గునపం లేనిదే పెళ్ల కూడా లేవని గరుసు తగులుతుంది. అడుగును 30 సెంటీమీటర్లుగా లెక్కిస్తే 27 ఘనపు మీటర్లు మెత్తటి మట్టి, 45 ఘనపు మీటర్లు గరుసు. మొత్తం విలువ రూ.13,050, మనిషికి రోజుకు సుమారు రూ.242. కొలతల పుస్తకంలో గుంత మొత్తాన్నీ మెత్తటి నేలగా రాస్తే విలువ రూ.10,800కు పడిపోయి, అదే చెమటకు రూ.200 మాత్రమే వస్తుంది.

ఇందులో ఎవరూ డబ్బు మింగనక్కర లేదు. కొలతకు వచ్చినవారు గట్టున నిలబడి పొడవు, వెడల్పు చూసి, గోడ మీద మట్టి రంగు మారిన చోటును గమనించకుండా ఒకే ధర రాసేస్తే చాలు. వారం ముగిశాక నాలుగైదు రోజులకు కొలిస్తే ఇంకో నష్టం ఉంది. ఈలోగా ఒక వాన పడితే అంచులు జారి అడుగు పూడుతుంది, పది సెంటీమీటర్ల లోతు లెక్కలోంచి పోతుంది. ఈ గుంతలో ఆ పది సెంటీమీటర్లంటే 9 ఘనపు మీటర్లు, అది కూడా గరుసు నేలలోనిది, అంటే రూ.1,800. తవ్వేటప్పుడు మధ్యలో ఒక మట్టి దిబ్బను తాకకుండా వదిలేస్తే అసలు లోతెంతో అదే సాక్ష్యం చెబుతుంది. దాన్ని చివరి కొలత దాకా ఉంచమని జట్టుకు చెప్పేవారే కరువయ్యారు.

మూడో దెబ్బ జట్టులోని వారికే తెలియకుండా తగులుతుంది. రానివారికి కూడా హాజరు వేసి పని దినాలను 60 చేస్తే, రూ.13,050 అరవైతో భాగించబడి అందరి కూలీ రూ.217.50కు దిగుతుంది. మనవాడే కదా, ఒక రోజు వేస్తే పోయేదేముంది అనుకునే మేటీకి (నేనూ ఒకప్పుడు అలా అనుకున్నవాణ్ణే) ఆ రోజు పక్కవాళ్ల తట్టల్లోంచి వస్తుందని తోచదు.

మన దగ్గర ఒకప్పుడు ఎండ నెలల్లో పని పరిమాణంలో 20 నుంచి 30 శాతం దాకా సడలింపు ఇచ్చేవారు. అది పోయాక నేల బిగుసుకుపోయే ఏప్రిల్, మే నెలల్లో నేల రకాన్ని తప్పుగా రాయడం మరింత భారమవుతోంది.

నేను కోరేది కొత్త పథకం కాదు. మస్టరు ముగిసిన రోజే, జట్టు ఎదుటే కొలవాలి. పొడవు, వెడల్పు, ఏ నేల ఎంత లోతు దాకా, దేనికి ఏ ధర, మొత్తం పని దినాలు ఎన్ని అన్నది అక్కడే పైకి చదివి, ఒక చీటీ మీద తెలుగులో రాసి మేటీ చేతికివ్వాలి. డబ్బు బ్యాంకులో పడ్డాక పాస్‌బుక్కులో కనిపించే ఒక్క అంకె ద్వారా పొరపాటు నేల రకంలో జరిగిందో, లోతులో జరిగిందో, హాజరులో జరిగిందో ఏ కూలీ తేల్చుకోలేడు. అప్పటికి కుంటలో నీరు నిలిచి ఉంటే మళ్లీ కొలిచే దారి కూడా ఉండదు.

ఇట్లు,
ఒక మాజీ మేటీ,
అనంతపురం జిల్లా.