గది ఖరారు చేసి, రాత్రిపూట నార్కట్‌పల్లి లాడ్జికి పంపినందుకు ఫిర్యాదు

జనరల్ మేనేజర్ గారికి,

మా మేనకోడలి పెళ్లి కోసం నల్లగొండలోని మీ హోటల్‌లో శుక్ర, శనివారాలకు ఒక గది ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నాను. రాత్రికి 2,800 రూపాయల చొప్పున రెండు రాత్రుల డబ్బు ముందే కట్టేశాను. మా నాయనకు మోకాలి ఆపరేషన్ అయింది, లిఫ్ట్ ఉన్న గదే కావాలని బుకింగ్‌లో రాశాను. రాత్రి తొమ్మిదిన్నరకు వస్తామని కూడా అందులోనే ఉంది.

చెప్పిన వేళకే వచ్చాం. "జర సేపు కూసోండ్రి సార్, రూమ్ ఖాళీ అయితాంది" అన్నాడు కౌంటర్‌లోని అబ్బాయి. గంట గడిచాక మాట మారింది. సిస్టమ్‌లో ఏదో తప్పు జరిగింది, గది లేదు, నార్కట్‌పల్లిలో హైవే పక్కన లాడ్జి చూశాం, వెళ్లండి అన్నాడు.

నేను కొంతకాలం హైదరాబాద్‌లో హోటల్ ఫ్రంట్ ఆఫీసులో పనిచేశాను. ఉన్న గదుల కంటే నాలుగు బుకింగ్‌లు ఎక్కువ తీసుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. కొందరు చివర్లో రద్దు చేసుకుంటారు, కొందరు అసలు రారు. ముహూర్తాల రోజుల్లో మాత్రం ఆ లెక్క పనిచేయదు, ఎందుకంటే పెళ్లికి బయల్దేరినవాళ్లంతా వస్తారు. అందుకే నా ఫిర్యాదు ఎక్కువ బుకింగ్‌లు తీసుకున్నందుకు కాదు, తెలిసి కూడా మాకు చెప్పనందుకు.

కౌంటర్ మీద తెరిచి ఉన్న రిజిస్టర్‌లో నా పేరు నేనే చూశాను. ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన 'షిఫ్ట్, 4.20' అని రాసి ఉంది. అంటే గది లేదని సాయంత్రం నాలుగున్నరకు ముందే మీవాళ్లకు తెలుసు. నా ఫోన్ నంబరు ఆ వరుసలోనే ఉంది. అప్పుడే ఒక్క ఫోన్ చేసి ఉంటే ఊళ్లోనే లిఫ్ట్ ఉన్న మరో గది వెతుక్కునేవాళ్లం. రాత్రి పదిన్నరకు నేను ఎన్నిచోట్ల అడిగినా, నల్లగొండలో ఒక్క గది దొరకలేదు.

ఎవరిని పంపాలన్న దానికీ ఒక పద్ధతి ఉంటుంది. ఒక్క రాత్రికి ఒంటరిగా వచ్చినవాళ్లను, డబ్బు కట్టని బుకింగ్‌లను ముందు చూస్తారు. వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే మారుస్తారు. పూర్తి డబ్బు కట్టి, నడవలేని పెద్దమనిషితో వచ్చే కుటుంబాన్ని ఆఖరుకు గానీ కదపరు. మీవాళ్లు చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. ఆలస్యంగా వచ్చేవాళ్లు అంతరాత్రి ఎక్కడికీ పోలేరు కదా అని మమ్మల్ని ఎంచుకున్నట్టుంది.

ఇంతకన్నా బాధ కలిగించింది ఇంకొకటి ఉంది. "యాప్‌లో మీరే క్యాన్సిల్ కొట్టండి సార్, పైసలు వాపస్ వస్తయి" అని ఆ అబ్బాయి రెండుసార్లు అన్నాడు. వచ్చిన రోజు రద్దు చేస్తే రూపాయి కూడా తిరిగి రాదని నా బుకింగ్ షరతుల్లోనే ఉంది. నేను ఆ బటన్ నొక్కితే తప్పు నాదవుతుంది, డబ్బు మీ దగ్గరే ఉండిపోతుంది. నేను నొక్కలేదు. గది లేక హోటలే మమ్మల్ని పంపుతోందని లెటర్‌హెడ్ మీద రాయించి, ముద్ర వేయించుకున్నాను. ఇది తెలియనివాళ్లు ఎంతమంది అలా డబ్బు పోగొట్టుకున్నారో మీరు ఒకసారి మీ రికార్డుల్లో చూడండి.

ఆ లాడ్జి దాదాపు 20 కిలోమీటర్ల దూరం. గది రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు. మా నాయన మెట్టుకో నిమిషం ఆగుతూ, రెయిలింగ్ పట్టుకుని ఎక్కారు. తెల్లవారుజామున ముహూర్తం. మేనమామగా పెళ్లికూతురిని గంపలో తేవాల్సింది నేను. కాళ్ల వాపుతో ఆయన మంచం దిగలేకపోయారు, మనవరాలి పెళ్లి చూడలేకపోయారు. మరునాడు మధ్యాహ్నం మీరు గది ఇచ్చిన మాట నిజమే. అప్పటికి పెళ్లి అయిపోయింది.

అతిథిని వేరేచోటికి పంపినప్పుడు ఆ రాత్రి గది అద్దె, రానుపోను కారు ఖర్చు పంపిన హోటలే భరించడం ఈ వృత్తిలో అందరికీ తెలిసిన మర్యాద. ఇక్కడ అన్నీ నేనే కట్టాను. లాడ్జికి 1,900, కార్లకు 1,800 అయింది. మీరు ఇవ్వని శుక్రవారం రాత్రి గదికి కట్టిన 2,800 కూడా కలిపితే 6,500 రూపాయలు. మా నాయన పడిన కష్టానికి పరిహారంగా ఇంకో 3,500 కలిపి మొత్తం 10,000 ఇవ్వాలని కోరుతున్నాను. మీ మేనేజర్ ఇస్తానన్న 500 రూపాయల కూపన్ నాకు వద్దు. దాన్ని వాడాలంటే మళ్లీ మీ దగ్గరే దిగాలి.

బుకింగ్ పత్రం, మీ ముద్ర ఉన్న కాగితం, లాడ్జి రసీదు, కార్లకు చెల్లించిన వివరాలు దీంతో జతచేస్తున్నాను. ఆ రోజు రిజిస్టర్ పేజీని, కౌంటర్ సీసీటీవీ రికార్డింగును చెరపకుండా ఉంచండి.

15 రోజుల్లో డబ్బు, రాతపూర్వక జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేస్తాను. ఆ తర్వాత సేవాలోపం కింద వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే మహబూబ్‌నగర్‌లోనే కేసు వేయవచ్చు.

ఇట్లు,
మీ హోటల్‌లో గది బుక్ చేసుకున్న వినియోగదారుడు,
మహబూబ్‌నగర్