99 శాతం అన్నది దేని లెక్క?

సంపాదకుడి గారికి,

నమస్కారం. బ్యాటరీల్లో విద్యుత్ నిల్వ గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో, లిథియం బ్యాటరీ సామర్థ్యం 99 శాతమని, అంటే వంద యూనిట్లు దాచుకుంటే తొంభై తొమ్మిది తిరిగి వాడుకోవచ్చని రాశారు. మొదటి మాట నిజమే. దాన్నుంచి తీసిన రెండో మాట తప్పు. అమ్మకపు కరపత్రాల్లోనూ, సంస్థలు పిలిచే టెండర్లలోనూ ఇదే పొరపాటు కనిపిస్తోంది కాబట్టి లెక్క వేసి చూపిస్తాను.

ముందుగా మాట సంగతి. తెలుగులో ‘సామర్థ్యం’ అన్న ఒక్క మాటనే బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పడానికీ, పెట్టినదాంట్లో ఎంత తిరిగొస్తుందో చెప్పడానికీ వాడేస్తున్నాం. రెండో అర్థానికి పాఠ్యపుస్తకాల్లో ‘దక్షత’ అనే మాట ఉంది, ఇక్కడ అదే వాడతాను. ఈ దక్షత కూడా ఒకటి కాదు. బ్యాటరీలోంచి వచ్చిన ఆంపియర్-గంటలను లోపలికి పంపిన ఆంపియర్-గంటలతో భాగిస్తే వచ్చేది కూలూమ్ దక్షత. వచ్చిన వాట్-గంటలను పంపిన వాట్-గంటలతో భాగిస్తే వచ్చేది రానుపోను శక్తి దక్షత. మొదటిది విద్యుదావేశం లెక్క, రెండోది శక్తి లెక్క. మీటరు తిరిగేది రెండోదాని మీద. వెయ్యి వాట్-గంటలైతే ఒక యూనిట్.

ఈ రెండూ ఎందుకు వేరవుతాయో మామూలు లెడ్-యాసిడ్ బ్యాటరీతో చూస్తే బాగా తెలుస్తుంది. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీ ఒకటి నిండుగా ఛార్జై ఉందనుకుందాం. దాన్నుంచి 10 ఆంపియర్ల చొప్పున 6 గంటలు కరెంటు తీశాం. వచ్చింది 60 ఆంపియర్-గంటలు. ఆ సమయంలో బ్యాటరీ కొనల దగ్గర సగటున 12.0 వోల్టులు ఉంది. అంటే చేతికొచ్చిన శక్తి 720 వాట్-గంటలు. ఇప్పుడు దాన్ని మళ్లీ నింపాలి. 60 తీశాం కాబట్టి 60 పెడితే చాలదు. వోల్టేజి 14.4 దగ్గర నిలిచి, కరెంటు 2 ఆంపియర్లకు పడిపోయేదాకా ఆగితే లోపలికి వెళ్లింది 66 ఆంపియర్-గంటలు. ఛార్జింగ్‌లో సగటు వోల్టేజి 13.8. కాబట్టి పెట్టిన శక్తి సుమారు 911 వాట్-గంటలు.

కూలూమ్ దక్షత 60/66, అంటే 91 శాతం. శక్తి దక్షత 720/911, అంటే 79 శాతం. ఒకే బ్యాటరీ, ఒకే పరీక్ష, పన్నెండు శాతం తేడా. ఆ తేడా అంతా వోల్టేజిదే: 12.0ని 13.8తో భాగిస్తే 87 శాతం వస్తుంది, ఆ 87ని 91తో గుణిస్తే మళ్లీ 79కే వస్తాం. నీళ్ల బిందెలతో చెప్పాలంటే, 66 బిందెలు 13.8 అడుగుల ఎత్తుకు మోశాం, 60 బిందెలు 12 అడుగుల ఎత్తునుంచి దించుకున్నాం. బిందెలు మాత్రమే లెక్కపెట్టేవాడికి ఎత్తులో పోయిన కష్టం కనపడదు.

పోయిన ఆ 6 ఆంపియర్-గంటలు ఎక్కడికి వెళ్లాయి? చాలావరకు ఛార్జింగ్ చివర్లో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడానికి. ఒక సెల్‌లో ఒక ఆంపియర్-గంట ఇలా ఖర్చైతే 0.336 గ్రాముల నీరు పోతుంది. ఈ బ్యాటరీలో ఆరు సెల్‌లు వరుసగా ఉంటాయి కాబట్టి ఆ 6 ఆంపియర్-గంటలూ ప్రతి సెల్‌లోంచీ వెళ్తాయి. మొత్తం నీటి నష్టం సుమారు 12 గ్రాములు. మూత తీసి డిస్టిల్డ్ వాటర్ పోసే బ్యాటరీలో ఇలాంటి ముప్పై ఛార్జింగులకు 360 మిల్లీలీటర్ల దాకా తగ్గుతుందన్నమాట. కూలూమ్ దక్షత ఎంతో మీటరు లేకుండా తెలుసుకోవాలంటే పోసిన నీళ్లు కొలుచుకుంటే సరి. సీల్ చేసిన బ్యాటరీల్లో ఆ వాయువులు చాలావరకు లోపలే కలిసి మళ్లీ నీరవుతాయి. నీరు మిగులుతుంది గానీ ఆ ఆంపియర్-గంటలు మాత్రం వేడిగా మారిపోతాయి.

వోల్టేజిలో పోయినదాని కథ వేరు. అది లోపలి నిరోధం వల్లా, పలకల మీద రసాయన చర్యను ముందుకు నెట్టడానికి కావలసిన అదనపు వోల్టేజి వల్లా పోతుంది. ఇది కరెంటును బట్టి మారుతుంది. లోపలి నిరోధం 0.03 ఓమ్‌లు అనుకుంటే 10 ఆంపియర్ల దగ్గర 0.3 వోల్టులు, 20 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టులు పోతాయి, ఛార్జింగ్‌లో ఒకసారి, డిశ్చార్జిలో ఇంకోసారి. కూలూమ్ దక్షత దీన్ని అసలు పట్టించుకోదు. నిరోధం ఎంత పెరిగినా ఆంపియర్లు ఆంపియర్లుగానే లెక్కకొస్తాయి. అందుకే పాతబడి, వాడుతుంటే వేడెక్కే బ్యాటరీకి కూడా కూలూమ్ అంకె చక్కగానే కనిపించవచ్చు.

ఇక మీ వ్యాసంలోని లిథియం బ్యాటరీకి వద్దాం. నాలుగు ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌లు వరుసలో ఉన్న ప్యాక్ తీసుకుందాం. సగటు 13.0 వోల్టుల దగ్గర 60 ఆంపియర్-గంటలు తీస్తే 780 వాట్-గంటలు. తిరిగి నింపడానికి 60.06 ఆంపియర్-గంటలు చాలు, సగటు 13.5 వోల్టుల దగ్గర. పెట్టింది సుమారు 811 వాట్-గంటలు. కూలూమ్ దక్షత 99.9 శాతం, శక్తి దక్షత 96 శాతం. ఇది బ్యాటరీ కొనల దగ్గర మాట. గోడ సాకెట్ నుంచి ఛార్జర్ ద్వారా నింపి, ఇన్వర్టర్ ద్వారా వాడుకుంటే, ఆ రెండూ చెరో 90 శాతం దక్షతతో పనిచేస్తున్నాయనుకున్నా మిగిలేది 78 శాతం. 99.9, 96, 78: మూడూ ఆ బ్యాటరీ గురించే, మూడూ నిజమే. వంద యూనిట్లకు ఎన్ని తిరిగొస్తాయన్న ప్రశ్నకు జవాబు మాత్రం మూడోదే. పైన చెప్పిన లెడ్-యాసిడ్‌కు అదే లెక్కన 64 శాతం వస్తుంది.

అది కూడా ఇన్వర్టర్ ఊరికే ఉండి తినేది కలపకుండా. ఖాళీగా 20 వాట్లు లాగే ఇన్వర్టర్ రోజంతా ఆన్‌లో ఉంటే 480 వాట్-గంటలు. మన లెడ్-యాసిడ్ ఉదాహరణలో గోడ నుంచి తీసుకున్నది 1012, చివరికి వాడుకున్నది 648. ఆ 480 కూడా గోడ నుంచే వచ్చిందనుకుని ఖర్చులో కలిపితే రోజుకొకసారి వాడకానికి దక్షత 43 శాతానికి పడిపోతుంది. చిన్న వ్యవస్థల్లో బ్యాటరీ రకం మీద జరిగే వాదనల కంటే ఈ 20 వాట్లే ఎక్కువ నష్టం చేస్తాయి.

అలాగని కూలూమ్ దక్షత పనికిరాని అంకె కాదు. దాని చోటు వేరు. లిథియం-అయాన్ సెల్‌లో అది బిల్లు గురించి కాదు, ఆయుష్షు గురించి చెబుతుంది. ప్రతి ఛార్జిలో పోయే ఆవేశం అంతా మళ్లీ వాడుకోలేని లిథియమే అనుకుంటే, 99.9 శాతం చొప్పున వెయ్యి సైకిళ్ల తర్వాత, అంటే వెయ్యిసార్లు నింపి వాడుకున్నాక, మిగిలేది 37 శాతం, 99.99 చొప్పున అయితే 90 శాతం. నిజానికి ఆ నష్టంలో కొంత తిరిగొచ్చేదే కాబట్టి సెల్ అంత త్వరగా చావదు. అయినా 99.9కీ 99.99కీ తేడా అంత చిన్నది కాదని తెలియడానికి ఈ లెక్క చాలు. లెడ్-యాసిడ్‌లో 91 శాతానికి ఆ భయం లేదు. అక్కడ పోయింది నీరు, పలకల మీది పదార్థం కాదు.

బ్యాటరీ ఎంత నిండిందో ఆంపియర్-గంటలు కూడుతూ చూపించే మీటర్లలో ఛార్జ్ దక్షత అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అక్కడ కావలసింది కూలూమ్ అంకె. పొరపాటున శక్తి దక్షత 79 పెట్టారనుకోండి. 66 ఆంపియర్-గంటలు వెళ్లి బ్యాటరీ నిండినా మీటరు 52 మాత్రమే జమ చేసుకుని, ఇంకా 8 తక్కువ ఉందని చూపిస్తుంది. తిరగేసి, సోలార్ ప్యానెళ్లు ఎన్ని కావాలో లెక్కేసేటప్పుడు కూలూమ్ అంకె వాడితే ప్యానెళ్లు చాలవు, బ్యాటరీ రోజూ కొంచెం వెలితిగా మిగులుతుంది. లెడ్-యాసిడ్‌కు అదే సల్ఫేషన్ జబ్బు, అంటే పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోవడం, తెస్తుంది. ఆఖరి ఇరవై శాతంలోనే దక్షత పడిపోతుంది కదా, అక్కడిదాకా నింపడమెందుకు అని ఆపేసేవారికీ అదే గతి.

పరీక్ష నివేదికలు చదివేవారు మూడు చోట్ల వేలు పెట్టి అడగాలి. మొదటిది, ఛార్జింగ్ ఎక్కడ ఆపారు? మన లెడ్-యాసిడ్ బ్యాటరీకి 66 బదులు 61 దగ్గరే ఆపితే కూలూమ్ దక్షత 98 శాతం వచ్చేస్తుంది, 58 దగ్గర ఆపితే వందకు మించుతుంది! మొదలుపెట్టిన స్థితికే తిరిగి వచ్చారా అన్నది తేలాలి. మొదటి సైకిల్ పక్కన పెట్టి, వరుసగా మూడు సైకిళ్లలో ఒకే అంకె వస్తే నమ్మొచ్చు. రెండోది, కరెంటు కొలిచే షంట్ సున్నా దగ్గర సరిగ్గా సున్నా చూపిస్తోందా? 50 మిల్లీ ఆంపియర్ల తప్పు 24 గంటల్లో 1.2 ఆంపియర్-గంటలవుతుంది. 60లో అది 2 శాతం. 99.9 శాతం అని చెప్పుకునేవారికి ఈ తప్పు చాలా పెద్దది.

మూడోదే అసలు మోసం, చాలాసార్లు తెలియక చేసేది. వోల్టేజిని కొలవకుండా, వెళ్లిన ఆంపియర్-గంటలనూ వచ్చిన ఆంపియర్-గంటలనూ రెండింటినీ 12తోనే గుణించి వాట్-గంటలు అని రాస్తారు. పైనా కిందా ఉన్న 12 కొట్టేసుకుపోతుంది. మిగిలేది 60/66, అదే 91 శాతం, కాకపోతే ‘శక్తి దక్షత’ అన్న కొత్త పేరుతో. నివేదికలో రెండు దక్షతలూ ఒకే అంకెగా కనిపిస్తే ఇదే జరిగిందని అనుకోవచ్చు. క్షణక్షణం వోల్టేజినీ కరెంటునూ గుణించి కూడితేనే అది శక్తి. వోల్టేజి తీగ కూడా ఛార్జర్ దగ్గర కాక బ్యాటరీ కొనల మీదే ఉండాలి. లేకపోతే కేబుల్లో పోయింది కూడా బ్యాటరీ ఖాతాలో పడుతుంది.

టెండర్ రాసేవారు ‘దక్షత 95 శాతానికి తగ్గకూడదు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, దాన్ని కూలూమ్ అంకె చూపించి నెగ్గించుకోవచ్చు. గ్రిడ్ మీటరు నుంచి గ్రిడ్ మీటరు దాకా, చల్లబరిచే యంత్రాలు తినేదానితో కలిపి, ఎంత పవర్ దగ్గర, ఎంత ఉష్ణోగ్రతలో అని రాయాలి. మీ పత్రిక కూడా ఇకమీదట బ్యాటరీ గురించి శాతం అచ్చువేసేటప్పుడు పక్కన ఆంపియర్-గంటలదా, వాట్-గంటలదా అని ఒక్క మాట చేర్చాలని, ఆ వ్యాసంలోని వాక్యానికి సవరణ వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
బ్యాటరీ పరీక్షల పనిలో ఉన్న ఒక పాఠకుడు