పత్తి ట్రాక్టర్ పట్టని డివైడర్ గ్యాప్: రహదారి సంస్థ ప్రాంతీయ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

వరంగల్‌కు వచ్చే నాలుగు వరుసల రోడ్డు మీద, మా ఊరి దారి కలిసేచోట కట్టబోయే కూడలి నక్షాపై భద్రతా ఆడిట్ చేసినవాళ్లలో నేనొకణ్ణి. నివేదిక మీకు చేరింది. అందులోని ఒక్క విషయం ఊరివాళ్లకూ తెలియాలని ఇలా రాస్తున్నాను.

నక్షాలో డివైడర్ వెడల్పు 4.5 మీటర్లు. పత్తి లోడుతో ఏనుమాముల మార్కెట్‌కు పోయే ట్రాక్టర్, ట్రాలీతో కలిపి దాదాపు 8 మీటర్లు. కుడికి తిరగడానికి అది గ్యాప్‌లో ఆగితే వెనక 3.5 మీటర్లు రోడ్డు మీదే ఉంటుంది. ఒక వరుస వెడల్పు కూడా సరిగ్గా అంతే. అంటే కార్లు వేగంగా పోయే వరుస మొత్తం ట్రాలీతో మూసుకుపోతుంది. చీకటిపడ్డాక, వెనక లైటు లేని ట్రాలీ అయితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

ఆగకుండా ఒకేసారి దాటొచ్చు కదా అన్నారు డిజైన్ చేసినవాళ్లు. ఇప్పుడున్న దారి దగ్గర నిలబడి గడియారం పెట్టి చూశాం. లోడు ట్రాక్టర్ కదిలి, ట్రాలీ చివర అవతలి అంచు దాటేసరికి 14 సెకన్లు పట్టింది. నక్షా ప్రకారం కడితే, వంపు వల్ల, డివైడర్‌లో పెంచే మొక్కల వల్ల అక్కడ కనిపించేది 140 మీటర్లే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ దూరాన్ని ఆరు సెకన్లలో దాటేస్తుంది. ఆ వేగంలో బండి ఆగడానికి 120 మీటర్లు చాలన్న లెక్క చూపి నక్షాను సమర్థించారు. అది కారు డ్రైవర్ బ్రేకు వేయడానికి సరిపడే దూరం. దాటాలా వద్దా అని ట్రాక్టర్ నడిపే మనిషి తేల్చుకోవడానికి అది చాలదు. కారు 100 మీద వస్తే ఆగడానికే 180 కావాలి.

అందుకే మా మొదటి సిఫారసు, రోడ్డు తెరవకముందే ఈ గ్యాప్ మూసేయడం. ట్రాక్టర్ ఎడమకు తిరిగి, వంపు దాటాక తిన్నని చోట యూటర్న్ తీసుకోవాలి. అక్కడ డివైడర్ వెడల్పు చేసి, బండి రోడ్డు పొడవునా నిలబడేలా విడిగా ఒక వరుస ఇవ్వాలి. యూటర్న్ మరీ దూరమైతే జనం రాంగ్‌సైడులో వస్తారు. పక్కన సర్వీస్ రోడ్డు లేకుండా గ్యాప్ ఒక్కటే మూస్తే ఒక ప్రమాదం పోయి ఇంకొకటి వస్తుంది. నెమ్మదిగా పోయే ట్రాక్టర్ కుడి వరుసకు మారాల్సిన ఇబ్బంది ఇందులోనూ ఉంది. అది పూర్తిగా తీరేది అండర్‌పాస్‌తోనే. దానికి డబ్బూ సమయమూ పడతాయి కాబట్టి రెండో స్థానంలో పెట్టాం.

వంపు దగ్గర మొక్కలను మోకాలి ఎత్తు దాటనివ్వకపోవడం, కూడలికి దీపాలు పెట్టడం ఆ తర్వాతివి. వీటికి ఖర్చు తక్కువే. అయితే ఇవి చేశాం కదా అని గ్యాప్ తెరిచి ఉంచితే మాత్రం మేం ఒప్పుకోం.

ప్రతి సిఫారసుకూ ఒప్పుకుంటున్నారో లేదో, కాదంటే ఎందుకో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. డివైడర్ రాళ్లు పాతకముందే ఆ జవాబు ఇప్పించండి.

ఇట్లు,
విశ్రాంత రోడ్ల ఇంజినీరు, హన్మకొండ