వారం మెనూ వేసి పంపుతున్నాను, చూడమ్మా

అమ్మా,

నువ్వు, నాన్న బాగున్నారని తలుస్తాను. నిన్న ఫోన్లో చెప్పిందంతా వరుసగా రాశాను. తేడా ఉంటే ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పు, కూరగాయలు తెచ్చేలోపు మార్చేస్తాను.

"ఏం వండుతావో తర్వాత చెప్దువు, ఏ రోజు ఎన్నింటికి ఇంటికొస్తావో ముందు చెప్పు" అన్నావు కదా, అక్కడే మొదలుపెట్టాను. మంగళ, గురువారాలు ల్యాబ్ అయి వచ్చేసరికి ఏడు దాటుతుంది. బుధవారం మధ్యాహ్నం ఖాళీ. కాబట్టి పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడే పని ఆదివారం సాయంత్రం, బుధవారం మధ్యాహ్నం మాత్రమే. ల్యాబ్ రోజుల్లో అన్నం కుక్కర్లో ఉడికే ఇరవై నిమిషాల్లో కూర అయిపోవాలి. రాత్రి వండింది రెండు పూటలకి సరిపోయేలా చూసుకుంటే, మర్నాడు మధ్యాహ్నం బాక్సుకి వేరే వంట అక్కర్లేదు.

ఆదివారం ఒక కప్పు కందిపప్పు, మూడు కప్పుల నీళ్లు, కొంచెం పసుపు వేసి మెత్తగా ఉడికిస్తాను. ఉప్పు, టమాటా, చింతపండు ఏవీ వేయను. పులుపు ముందే పడితే పప్పు గింజ తొందరగా మెత్తబడదు. పైగా మొత్తానికీ ఒకేసారి తాలింపు పెట్టేస్తే మూడు రోజులూ ఒకే రుచి తినాలి. ఉడికిన పప్పుని రెండు డబ్బాల్లో సగం సగం పెట్టి, వేడి తగ్గగానే ఫ్రిజ్‌లోకి. సోమవారం మొదటి డబ్బాతో పాలకూర పప్పు, అది మంగళవారం బాక్సుకి కూడా. మంగళవారం రాత్రి రెండో డబ్బాలో నీళ్లు, చింతపండు రసం పోసి బాగా తెర్లనిచ్చి పప్పుచారు, అది బుధవారం మధ్యాహ్నంతో అయిపోతుంది. అంతకుమించి ఉంచను.

పాలకూర సోమవారానికే ఎందుకంటే ముందు వాడిపోయేది అదే. తెచ్చాక కడగకుండా, పొడి కాగితంలో చుట్టి పెడతాను. తడి తగిలిన ఆకు ముందు కుళ్లి, పక్క ఆకుల్నీ పాడుచేస్తుంది. క్యాబేజీ వారమైనా ఆగుతుంది కాబట్టి దాన్ని గురువారానికి తోశాను.

బుధవారానికి కాబూలీ శనగలు. ముప్పావు కప్పు మంగళవారం రాత్రి పెద్ద గిన్నెలో నానేస్తాను, నానాక రెట్టింపు అవుతాయి కదా. పొద్దున కాలేజీకి వెళ్లే ముందు నీళ్లు మార్చి గిన్నె ఫ్రిజ్‌లో పెట్టాలి. మధ్యాహ్నం దాకా బయటుంటే నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది. ఉడికాక ఒక గింజ వేళ్ల మధ్య నొక్కితే పలుకు లేకుండా నలగాలి, అప్పుడే టమాటా ఉల్లిపాయ ముద్దలో వేయాలి. ఇక్కడా పులుపు సంగతే. సగం శనగలు ఆ కూరకి, అది గురువారం బాక్సుకి కూడా. మిగతా సగం ఉత్తవే దాచి, గురువారం రాత్రి సగం క్యాబేజీ సన్నగా తరిగి, దాంతో కలిపి వేపుడు చేస్తాను. అది శుక్రవారం బాక్సుకి.

ప్రతి వస్తువుకీ "మిగిలిన సగం ఏం చేస్తావు?" అని నువ్వు అడుగుతుంటేనే ఈ పట్టీ కుదిరింది. రోజుకో కొత్త కూర రాసుకుంటే ఐదు రకాల సగాలు ఫ్రిజ్‌లో పడుంటాయి. శుక్రవారం రాత్రి ఖాళీగా వదిలేశాను. ఏ రోజైనా వంట తప్పిపోతే ఆ రోజుది అక్కడికి జరుగుతుంది. ఏదీ తప్పకపోతే మిగిలిన క్యాబేజీ, రెండు గుడ్లు ఉన్నాయి.

అన్నం గురించి నువ్వు గట్టిగా చెప్పావు కాబట్టి రాస్తున్నాను. రాత్రి ముప్పావు కప్పు బియ్యం పెట్టి, వండగానే సగం వెడల్పు డబ్బాలో పలచగా పరిచేస్తాను, తొందరగా చల్లారుతుంది. గంటలోపు ఫ్రిజ్‌లోకి. కుక్కర్లోనే తెల్లారేదాకా వదిలేస్తే, ఉడికినా చావని ఒక రకం సూక్ష్మజీవి అందులో పెరిగి విషం పుట్టిస్తుంది. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు, వాసన కూడా రాకపోవచ్చు. అందుకే వాసన చూసి తినేయడం కాదు, బయట మర్చిపోయిన అన్నం పారేయడమే. బాక్సు అన్నాన్ని మర్నాడు పొగలొచ్చేదాకా ఒక్కసారే వేడిచేసి తినేస్తాను.

సోమవారం మధ్యాహ్నానికి మాత్రం ముందు రోజు కూర ఏదీ లేదు. ప్రస్తుతానికి బ్రెడ్, ఉడికించిన గుడ్లు అని రాశాను. ఆదివారం పప్పుతో పాటు రెండు బంగాళాదుంపలు కూడా ఉడికించి పెట్టుకోనా? పప్పు కుక్కర్లోనే పైన గిన్నెలో పెడితే అవుతాయా, విడిగా పెట్టాలా, చెప్పు.

నాన్నకి నమస్కారాలు.

నీ కూతురు