ఆ కౌన్సెలింగ్ మేడమ్‌కు మా ఇంటి తరఫున

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. మా పెద్దోడు పదో తరగతి చదువుతున్నాడు. వాళ్ల స్కూల్ యాప్‌లో పిల్లల కోసం కౌన్సెలింగ్ చాట్ అని ఒకటి ఉంది. ఒక సాయంత్రం వాడు అందులో "కెన్ వీ టాక్" అని మాత్రం రాసి ఊరుకున్నాడు. దానికి జవాబిచ్చిన మేడమ్ గురించే ఈ పోస్ట్. ఆమెను నేను ఇంతవరకు చూడలేదు, ఫోన్లో గొంతు విన్నానంతే. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. చాట్ మొత్తం మావాడే చూపించాడు, రాయమన్నదీ వాడే. పేరు, స్కూల్ మాత్రం రాయొద్దన్నాడు.

అలాంటి మెసేజ్ నాకొస్తే నేను వెంటనే "ఏమైంది? ఎవరేమన్నారు?" అని అడిగేదాన్ని. ఏ తల్లైనా అదే అడుగుతుంది. మేడమ్ అడగలేదు. "మాట్లాడొచ్చు. నేను ఇక్కడే ఉన్నా. ఎక్కడి నుంచైనా మొదలుపెట్టు, తొందరేం లేదు. పక్కన ఎవరైనా ఉంటే మధ్యలో ఆపేసినా ఏమనుకోను" అని రాసింది. తర్వాత వాడు టైప్ చేస్తున్నట్టు చుక్కలు కనిపిస్తున్నాయి, పోతున్నాయి, మెసేజ్ మాత్రం రాదు. "ఉన్నావా? హలో?" అని ఆమె వెంటపడలేదు. కాసేపాగి, "రాసి చెరిపేస్తున్నావేమో, పర్లేదు. ఏం రాయాలో తెలియకపోతే ఒక్క మాట చాలు" అని పెట్టింది. అది చదివాకే భయం కొంచెం తగ్గిందట మావాడికి.

అప్పుడు వాడు రాసింది "లెక్కల్లో మార్కులు తగ్గినయ్ మేడమ్" అని. అసలు సంగతి అది కాదు. ఈ వయసు పిల్లలు ముందు చిన్న విషయం చెప్పి, అవతలి మనిషి దాన్ని ఎలా తీసుకుంటారో చూస్తారని మేడమ్ తర్వాత నాకు చెప్పింది. "అంతేనా?" అంటే అక్కడే ఆగిపోతారట. "అసలు విషయం చెప్పు" అన్నా ఆగిపోతారట. అందుకే ఆమె లెక్కల గురించే మాట్లాడింది. ఏ చాప్టర్ అని, ఇంట్లో మార్కులు చూశారా అని అడిగింది. అది కూడా ఒకదాని జవాబు వచ్చాకే ఇంకొకటి. వాడు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఆమె కూడా అలాగే రాసింది.

ఇంకో సంగతి. ఆ యాప్‌లో పిల్లల రోల్ నంబర్ పైనే కనిపిస్తుంది. మావాడికి ముందునుంచీ అదే భయం. మేడమ్ ఆ విషయం తనే ఎత్తింది. "నీ రోల్ నంబర్ నాకు కనిపిస్తోంది, దాచను. టీచర్లకు ఈ చాట్ కనిపించదు. నిన్ను ఏమని పిలవమంటావ్?" అంది. వీడు ఏదో దొంగ పేరు చెప్పాడు. చివరిదాకా ఆమె ఆ పేరుతోనే పిలిచింది.

ఆ తర్వాత వాడు అడిగిన ప్రశ్న: "మా ఇంట్లో చెప్తారా?" ఇక్కడ చాలామంది "ప్రామిస్, ఎవరికీ చెప్పను" అనేస్తారు. మేడమ్ అనలేదు. "నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. కానీ నీ ప్రాణానికి ముప్పుందనిపిస్తే, నిన్నెవరైనా హింసిస్తున్నారని తెలిస్తే మాత్రం ఇంకొకరికి చెప్పక తప్పదు. అప్పుడు కూడా ముందు నీకు చెప్పాకే వాళ్లకు చెప్తా" అని రాసింది. మావాడు ఆ రోజు అంతకుమించి ఏం చెప్పలేదు. ఆమె బలవంతపెట్టలేదు. తను ఎనిమిదింటి వరకే ఉంటానని, మళ్లీ రేపు ఐదింటికి వస్తానని, ఈలోపు రాత్రి మనసు బాగాలేకపోతే 14416 కి చేయమని చెప్పింది. అది ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ నంబర్. 2022 అక్టోబర్ నుంచి ఉంది, డబ్బులు పడవు, రాత్రింబవళ్లు ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మరుసటి రోజు సరిగ్గా ఐదింటికి ఆమె నుంచే మెసేజ్ వచ్చింది. "వస్తానని వచ్చింది మమ్మీ" అన్నాడు నాతో, అదేదో పెద్ద వింత అయినట్టు.

అలా మెల్లగా బయటపడింది. స్కూల్ బస్సులో పై క్లాసు పిల్లలు కొందరు వీడి దగ్గర డబ్బులు గుంజుతున్నారు. ఏడుస్తుంటే వీడియో తీసి గ్రూప్‌లో పెడతామని బెదిరిస్తున్నారు. అంతా చెప్పి చివర్లో "పొద్దున లేవకుండా ఉంటే బాగుండు అనిపిస్తది" అని రాశాడు. ఆ లైన్ చదివినప్పుడు నా చేతులు వణికినయ్. మేడమ్ దాన్ని దాటేయలేదు, ధైర్యవచనాలూ చెప్పలేదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగింది. ఎలా అని ఎప్పుడైనా ఆలోచించావా, ఇప్పుడు ఇంట్లో ఒక్కడివే ఉన్నావా అని అడిగింది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదట, అడగకపోతేనే పిల్లలు లోపల దాచుకుంటారట. అనిపిస్తుంది గానీ ఎలా అని ఆలోచించలేదన్నాడు, చెల్లెలు పక్కగదిలో ఉందన్నాడు.

అప్పుడు ఆమె ముందే చెప్పిన మాట గుర్తుచేసింది. "ఇది మనిద్దరి మధ్యే ఉంచే విషయం కాదు. ఇంట్లో ముందు ఎవరికి చెప్పాలో నువ్వు చెప్పు. నువ్వే చెప్తావా, నన్ను చెప్పమంటావా? ఏ మాట చెప్పాలో ఇద్దరం కలిసి రాద్దాం" అంది. వాడు నా పేరు చెప్పి, "తిట్టొద్దని ముందే చెప్పండి" అన్నాడట. నాకు ఫోన్ చేసి ఆమె అన్న మొదటి మాట కూడా అదే: "అమ్మా, బాబు మీకో విషయం చెప్పాలనుకుంటున్నాడు, ముందు మొత్తం వినండి." ఆ రాత్రి వాడు నా పక్కనే పడుకున్నాడు, నేను పడుకోలేదు.

మేడమ్, మీరు మా చుట్టం కాదు, పక్కాలు కాదు. మీకు ఎలా థాంక్స్ చెప్పాలో నాకు తెలియట్లేదు.

మా ఆయన, మా అన్నావదినలు ఉన్నారు, వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. ఈ మేడమ్ ఒక్కరే ఎన్నో బడులు చూస్తారు, అదీ సాయంత్రం మూడు గంటలే. ఆమెకు జీతం నెలల తరబడి రాలేదని వేరేవాళ్ల ద్వారా తెలిసింది, ఆమె మాత్రం ఎప్పుడూ అనలేదు. పిల్లలు దాచుకునే మాటలు రాసే చోట రోల్ నంబర్ చూపించే యాప్ చేసినవాళ్లు ఏం ఆలోచించారో! దానికితోడు, విషయం బయటపడ్డాక స్కూల్ వాళ్లు బస్సు సంగతి చూడటం మానేసి ముందు చాట్ కాపీ కావాలన్నారు. మేడమ్ ఇవ్వలేదు. పిల్లవాడి భద్రతకు ఎంత అవసరమో అంతే చెప్తానంది. అది తెలిశాక మావాడు ఆమెకు అసలు పేరు చెప్పాడు.

అయ్యో, ఇంకా ఉన్నారు. బస్సులో ముందు సీటు మార్పించి, రోజూ తానే ఎక్కించి పంపిన పీఈటీ సార్‌కు దండాలు. "యాప్‌లో ఒక మేడమ్ ఉంటది, అడుగురా" అని మావాడికి చెప్పిన వాడి దోస్తుకు కూడా. ఒక అర్ధరాత్రి భయమేసి నేనే 14416 కి చేస్తే ఓపిగ్గా విన్న ఆయన పేరు అడగడం మరిచాను, ఆయనకూ. చిన్నదాన్ని తమ ఇంట్లో పడుకోబెట్టుకున్న ఎదురింటి అక్కకు. గడియారం సెంటర్ దగ్గర మావాడి ఫోన్ డిస్‌ప్లే వేసిన తమ్ముడికి కూడా. డబ్బులు తర్వాత ఇవ్వండక్కా అన్నాడు, ఇంకా ఇవ్వలేదు, రేపు వచ్చి ఇస్తా తమ్ముడూ.