పిల్లల కాళ్లు వంగితే మణికట్టు కూడా చూడండి

సంపాదకునికి,

రెండేళ్ల వరకు పిల్లల కాళ్లు కాస్త వంగి ఉండటం సహజమే. ఆ తర్వాతా వంపు పెరుగుతూ, మణికట్లు లావెక్కితే అది రికెట్స్ అనే ఎముకల జబ్బు కావచ్చు. విటమిన్ డి చాలకపోతే తిన్న కాల్షియం ఒంటికి సరిగా పట్టదు. ఎముకల చివర్లు గట్టిపడక బరువుకు వంగుతాయి, ఎత్తూ తగ్గుతుంది.

మూడేళ్ల పాపకు రికెట్స్ తేలిందనుకోండి. డాక్టరు పర్యవేక్షణలో రోజూ కనీసం 3000 యూనిట్ల విటమిన్ డి, 500 మిల్లీగ్రాముల కాల్షియం 12 వారాలైనా ఇవ్వాలి. కాల్షియం మానేసి డి ఒక్కటే ఇవ్వడం తరచూ జరిగే పొరపాటు. ఆపరేషన్‌కు తొందరపడొద్దని తల్లిదండ్రులను వేడుకుంటున్నాం. జబ్బు నయం కాకముందే ఎముకను సరిచేస్తే మళ్లీ వంగుతుంది. మందులతోనే చాలామందిలో వంపు ఏడాది, రెండేళ్లలో తగ్గుతుంది.

– పిల్లల ఎముకల వైద్యులు, గుంటూరు