‘వీసా అక్కర్లేదు’ అంటే ‘ఏమీ అక్కర్లేదు’ అని కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. సెలవులు దగ్గర పడ్డాయంటే మన విశాఖలో ద్వారకానగర్ నుంచి గాజువాక దాకా ట్రావెల్ ఆఫీసుల ఫ్లెక్సీలు వెలుస్తాయి. ‘థాయిలాండ్, మలేషియా - వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు ఉంటే చాలు’ అని వాటి మీద రాస్తారు. మీ పత్రిక ఆదివారం పేజీల్లో కూడా ఇలాంటి దేశాల జాబితా చూశాను. అందులో మొదటి మాట నిజమే. ‘పాస్‌పోర్టు ఉంటే చాలు’ అన్న రెండో మాటే మా ఇంట్లో వాళ్లను ఒక రాత్రంతా టెన్షన్ పెట్టింది. అందుకే ఈ ఉత్తరం.

2024 దసరా సెలవుల్లో మా తమ్ముడు, మరదలు, డిగ్రీ చదువుతున్న వాళ్లబ్బాయి బ్యాంకాక్ బయలుదేరారు. ఆ ఏడాదే విశాఖ నుంచి బ్యాంకాక్‌కూ, కౌలాలంపూర్‌కూ నేరుగా విమానాలు మళ్లీ మొదలయ్యాయి. జూలై 15 నుంచి థాయిలాండ్ మనవాళ్లకు వీసా లేకుండా 60 రోజులు ఉండే వీలిచ్చింది. మలేషియా 2023 డిసెంబరు నుంచే 30 రోజులకు వీసా ఎత్తేసింది. ఇంకేం, రెండు దేశాలూ ఒకే ట్రిప్పులో చూసొద్దామనుకున్నారు. బ్యాంకాక్‌లో నాలుగు రాత్రులుండి, అక్కడి నుంచి రైల్లో సరిహద్దు దాటి పెనాంగ్ వెళ్లి, కౌలాలంపూర్ నుంచి విశాఖకు తిరిగి రావాలని ప్లాను. వెళ్లే టికెట్టు, వచ్చే టికెట్టు చేతిలో ఉన్నాయి. రైలు టికెట్టు అక్కడికి వెళ్లాక కొనుక్కోవచ్చని ట్రావెల్ ఆఫీసాయన చెప్పాడు.

చిక్కు బ్యాంకాక్‌లో రాలేదు. ఇక్కడే, మన విమానాశ్రయం చెకిన్ కౌంటర్లోనే వచ్చింది. ‘థాయిలాండ్ నుంచి బయటికి వెళ్లే టికెట్టు చూపించండి సార్’ అని కౌంటర్లో అమ్మాయి అడిగింది. మా తమ్ముడు కౌలాలంపూర్-విశాఖ టికెట్టు చూపించాడు. ‘ఇది మలేషియా నుంచి బయటికి వెళ్లేది. థాయిలాండ్ నుంచి వెళ్లేది ఏది?’ అందామె. ఆఫీసాయనకు ఫోన్ చేస్తే ‘అక్కడ ఎవరూ అడగరు సార్’ అన్నాడు. అడుగుతున్నది ‘అక్కడ’ కాదు, ‘ఇక్కడ’ అని మా తమ్ముడు అరిచాడు. కౌంటరు మూసేసేది విమానం బయలుదేరడానికి గంట ముందు. ఆ గడువుకు ఇంకా ఇరవై నిమిషాలుందనగా బ్యాంకాక్ నుంచి పెనాంగ్‌కు ముగ్గురికీ ఫోన్లో విమానం టికెట్లు కొన్నారు. దగ్గర దగ్గర ముప్పై వేలు అయ్యాయి. రైలు ప్రయాణం సరదా అలా పోయింది.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమె చేసింది సొంత పెత్తనమూ కాదు. ఏ దేశానికి వెళ్లాలంటే ఏం పత్రాలు కావాలో విమాన సంస్థలు టిమాటిక్ అనే వ్యవస్థలో చూసుకుంటాయి. దాన్ని విమాన సంస్థల సంఘం ఐయాటా నడుపుతుంది. ఎవరినైనా అవతలి దేశం లోపలికి రానివ్వకపోతే, తెచ్చిన విమాన సంస్థే వెనక్కి తీసుకుపోవాలి. చాలా దేశాలు పైగా జరిమానా కూడా వేస్తాయి. మన దేశమే 2000లో ఇలాంటి చట్టం చేసింది. సరైన పత్రాలు లేని మనిషిని ఇక్కడికి తెస్తే విమాన సంస్థకు లక్ష రూపాయల జరిమానా అని అందులో ఉండేది. అందువల్ల అనుమానం వచ్చిన చోట కౌంటర్లో వాళ్లు ఆపుతారే గానీ, ‘పోనీలే’ అని పంపరు. రైలు టికెట్టో బస్సు టికెట్టో చూపించినా ఒకరు ఒప్పుకోవచ్చు, ఇంకొకరు ఒప్పుకోకపోవచ్చు. కాబట్టి ఒక దేశంలో దిగి మరో దేశం నుంచి తిరిగొచ్చేవాళ్లు ఆ రెండింటి మధ్య ప్రయాణానికి కూడా టికెట్టు ఇంటి దగ్గరే కొనుక్కుని బయలుదేరాలి.

దీనికి విరుగుడుగా కొందరు ‘డమ్మీ టికెట్టు’ ఇప్పిస్తామంటున్నారు. ఐదారు వందలు తీసుకుని, డబ్బు కట్టకుండా సీటు పట్టి ఉంచిన బుకింగ్ కాగితం చేతిలో పెడతారు. దాని మీద పీఎన్ఆర్ ఉంటుంది, అందుకే అసలు టికెట్టులాగే కనిపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో అది దానంతటదే రద్దయిపోతుంది. అసలుదో కాదో తెలుసుకోవడం కష్టమేం కాదు. విమాన సంస్థ సొంత వెబ్‌సైట్లో పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టి చూడాలి. పెద్ద సంస్థలదైతే 13 అంకెల టికెట్ నంబరు కనిపించాలి. చవక విమానాల్లో చాలావాటికి ఆ నంబరు ఉండదు గానీ, డబ్బు ముట్టి బుకింగ్ ఖాయమైనట్టు చూపించాలి. చెల్లింపు ఇంకా బాకీ అని ఉంటే అది ఉత్త కాగితమే. సరిహద్దు దగ్గర అబద్ధపు కాగితం చూపించి పట్టుబడటం కన్నా కాగితం లేదని నిలబడటమే నయం.

ఇక బ్యాంకాక్ సంగతి. దిగాక మా తమ్ముడూ మరదలూ ఒక క్యూలో, అబ్బాయి పక్క క్యూలో నిలబడ్డారు. భార్యాభర్తలను రెండు నిమిషాల్లో పంపేశారు. అబ్బాయిని ఆపేశారు. హోటల్ ఎక్కడ, ఎన్నాళ్లు, డబ్బెంత అని అడిగారు. హోటల్ బుకింగ్ తండ్రి పేరు మీదే ఉంది, అబ్బాయి పేరు ఎక్కడా లేదు. బాట్ నోట్లన్నీ తల్లి హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. వాడి జేబులో ఉన్నది ఫోను, అందులో యూపీఐ. పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టారు. తల్లిదండ్రులు అవతల నుంచి బతిమాలి, కాగితాలు చూపించి, వాణ్ణి బయటికి తెచ్చుకునేసరికి ముప్పావు గంట పట్టింది.

వీసా లేకుండా వచ్చే వాళ్ల దగ్గర మనిషికి 20,000 బాట్, కుటుంబానికి 40,000 బాట్ ఉండాలని థాయిలాండ్ నిబంధన. బాట్ రెండున్నర రూపాయల పైనే కాబట్టి ఒక మనిషికి యాభై వేలు దాటుతుంది. అందరినీ అడగరు. వందమందిలో ఎందరిని అడుగుతారో ఎవరూ చెప్పలేరు గానీ, అడిగినప్పుడు చూపించకపోతే తిప్పి పంపే అధికారం వాళ్ల ఇమ్మిగ్రేషన్ చట్టంలోనే, 12వ సెక్షన్‌లో, రాసి ఉంది. కార్డుల కాలంలో నోట్ల కట్టలు చూపించమనడం నాకూ పాత చాదస్తంగానే అనిపిస్తుంది. కానీ వాళ్ల ఇల్లు, వాళ్ల గుమ్మం. మన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాకా విదేశీ నోట్లు తీసుకెళ్లొచ్చు కాబట్టి ఇటువైపు అడ్డేమీ లేదు. లైసెన్సు ఉన్న మనీ ఛేంజర్ దగ్గర కొని రసీదు దాచుకోవాలి. ముఖ్యంగా ఆ నోట్లు ఎవరివి వాళ్ల దగ్గర ఉండాలి. పెద్దవాడైన కొడుకు వేరే క్యూలో నిలబడితే అధికారి కంటికి వాడు ఒంటరి యువకుడే, కుటుంబం కాదు.

ఒంటరి యువకుల మీద అంత అనుమానం ఎందుకో విశాఖ వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియాకు పంపి, సైబర్ మోసాల ముఠాలకు అప్పజెప్పిన ఏజెంట్ల గుట్టును 2024 మేలో మన నగర పోలీసులే రట్టు చేశారు. అలాంటి ముఠాలు పర్యాటకుల దారినే వాడుకుంటాయి. అందుకే ప్రశ్నలు వాళ్ల గుమ్మంలోనే కాదు, మన విమానాశ్రయం ఇమ్మిగ్రేషన్లో కూడా పడతాయి. పదో తరగతి పాసవ్వని చాలామంది పాస్‌పోర్టుల మీద ‘ఈసీఆర్’ అని ఉంటుంది. ఉద్యోగానికి వెళ్లాలంటే ఆ ముద్ర ఉన్నవాళ్లకు ముందస్తు అనుమతి కావాల్సిన 18 దేశాల్లో థాయిలాండ్, మలేషియా రెండూ ఉన్నాయి. చూడటానికి వెళ్లేవాళ్లకు ఆ అనుమతి అక్కర్లేదు గానీ, నిజంగా చూడటానికే వెళ్తున్నారని తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్ చెప్పాలి.

‘వీసా ఆన్ అరైవల్’ అన్నది వేరే సంగతి. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. అందులో వీసా ఉంటుంది. కాకపోతే అక్కడ దిగాక అడిగి, రుసుము కట్టి తీసుకుంటాం. ఇండోనేషియాలో ఇప్పుడు అదే పద్ధతి. ఐదు లక్షల రుపియాలు కడితే 30 రోజులిస్తారు, అక్కడా తిరుగు టికెట్టు కావాలి. డబ్బు కట్టినంత మాత్రాన ఇచ్చి తీరాలని లేదు. ఉచితంగా రానిచ్చే దేశమైనా, రుసుము తీసుకునే దేశమైనా, ముద్ర వేయాలా వద్దా అన్నది ఆ బల్ల వెనక మనిషి చేతిలోనే ఉంటుంది.

తిప్పి పంపితే పోయేది టికెట్టు డబ్బులేననుకుంటే పొరపాటు. కెనడా, బ్రిటన్ వీసా దరఖాస్తుల్లో ‘ఏ దేశమైనా మిమ్మల్ని సరిహద్దులో వెనక్కి పంపిందా’ అని అడుగుతారు. అవునని రాసి, కారణం చెప్పుకోవాలి. దాచి పెడితే ఇంకా ప్రమాదం. పిల్లలు అక్కడున్న తల్లిదండ్రులు మన సీతమ్మధారలోనే వీధికి ఇద్దరు ముగ్గురున్నారు. నాలుగు రోజుల బ్యాంకాక్ సరదా వాళ్ల కెనడా ప్రయాణానికి అడ్డు పడకూడదు కదా.

ఇప్పుడు దీనికి ఇంకొకటి తోడైంది. 2025 మే నుంచి థాయిలాండ్ వెళ్లే ప్రతివాళ్లూ దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్లో ఒక కార్డు నింపాలి. tdac.immigration.go.th లో అది ఉచితం. అచ్చం అలాగే కనిపించే వేరే సైట్లు పెట్టి డబ్బు గుంజేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త. మలేషియాకు కూడా అలాంటిదే ఉంది. అందులో రాసిన హోటలూ చేతిలో ఉన్న బుకింగూ ఒకటే అయ్యుండాలి.

ట్రావెల్ ఆఫీసుల వాళ్లను నేను అడిగేది చిన్న పని. ప్యాకేజీ ధర కింద ఒక వరుస వేయండి. ఆ దేశం నుంచి బయటికి వెళ్లే టికెట్టు, ప్రతి మనిషి పేరూ ఉన్న హోటల్ బుకింగ్, ప్రతి మనిషి చేతిలో ఇంత నగదు అని రాయండి. బృందం మొత్తానికి నాయకుడి పేరు మీద ఒక్క వోచరు ఇచ్చి చేతులు దులుపుకోకండి. విమానాశ్రయం అధికారులు చెకిన్ కౌంటర్ల దగ్గర కాకుండా, లోపలికి వచ్చే గేటు దగ్గరే ఇదంతా తెలుగులో రాసిన బోర్డు పెట్టాలి. కౌంటర్ దాకా వెళ్లాక తెలిస్తే మిగిలేది ఇరవై నిమిషాలే. మీ పత్రిక వచ్చేసారి దేశాల జాబితా వేసేటప్పుడు ఎన్ని రోజులుండొచ్చో రాసిన గడి పక్కన ఎంత నగదు చూపించాలో రాసే గడి కూడా ఒకటి కలపండి. నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి ఏ తేదీ నాటి సమాచారమో కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం